ఒక ఈ. కోలై రెండయ్యే లోపు: బాక్టీరియా విభజనపై తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ విద్యార్థులకు సూక్ష్మజీవశాస్త్రం చెబుతుంటాను. ద్విధావిచ్ఛిత్తి పాఠం వచ్చినప్పుడల్లా ఇవే ప్రశ్నలు, కాస్త అటూ ఇటూగా ఇదే వరుసలో ఎదురవుతాయి. జవాబులన్నీ ఈ. కోలై గురించే. మిగతా బాక్టీరియా పద్ధతి వేరుగా ఉన్న చోట ఆ సంగతి విడిగా చెప్పాను.

కణం పొడుగై మధ్యకు తెగడమేగా ద్విధావిచ్ఛిత్తి? ఇందులో తెలుసుకోవడానికి ఏముంది?

పాఠ్యపుస్తకంలో నాలుగు బొమ్మలు చూసి ఇదొక తేలిక పని అనుకుంటాం. ఈ. కోలై కణం సుమారు 2 మైక్రోమీటర్ల పొడవు, ఒక మైక్రోమీటరు లావు ఉంటుంది. దాని క్రోమోజోము 46 లక్షల క్షార జంటలున్న ఒకే ఒక వలయం. తెంపి సాగదీస్తే ఒకటిన్నర మిల్లీమీటర్లు వస్తుంది, అంటే కణం పొడవుకు ఏడెనిమిది వందల రెట్లు. ఇంత దారాన్ని ఆ ఇరుకులోనే పొల్లుపోకుండా నకలు తీయాలి. రెండు ప్రతులనూ చిక్కుపడకుండా చెరో వైపుకు చేర్చాలి. ఆ తర్వాతే మధ్యలో గోడ కట్టాలి. గోడ ముందే లేస్తే డీఎన్‌ఏ తెగిపోతుంది. మరీ ఆలస్యమైతే కణం దారంలా సాగిపోతుంది. ఈ మూడు పనులకూ పొత్తు ఎలా కుదురుతుందన్నదే అసలు విషయం. కింది ప్రశ్నలన్నీ ఏదో ఒక దారిలో అక్కడికే చేరతాయి.

ఈ. కోలై 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుందంటారు. క్రోమోజోము నకలుకే 40 నిమిషాలు పడుతుందనీ అంటారు. రెండూ ఎలా నిజమవుతాయి?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. ముందు ఆ 40 నిమిషాల లెక్క చూద్దాం. నకలు ఓరి-సీ అనే ఒకే చోట మొదలై వలయానికి రెండు వైపులా సాగుతుంది. ఒక్కో వైపు పనిచేసే యంత్రాంగం 37 డిగ్రీల దగ్గర సెకనుకు దాదాపు 1,000 క్షారాలు చేరుస్తుంది. ఒక్కొక్కరి వంతు సగం వలయం:

```
4,600,000 ÷ 2 ÷ 1,000 = 2,300 సెకన్లు (దాదాపు 38 నిమిషాలు)
```

నకలు పూర్తయ్యాక విభజన ముగియడానికి ఇంకో 20 నిమిషాలు కావాలి. మొత్తం గంట పని. మంచి పోషకాలున్న మాధ్యమంలో మాత్రం కణాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతూనే ఉంటాయి. యంత్రాంగం వేగం పెరిగిందా అంటే అదీ లేదు. పోషకాలు ఎంత బాగున్నా ఈ 40, 20 నిమిషాల గడువులు పెద్దగా తగ్గవని 1968లో కూపర్, హెల్మ్‌స్టెటర్ చూపించారు.

మరి కిటుకు ఎక్కడుంది? ఒక నకలు పూర్తయ్యేదాకా ఆగకుండా, సగం నకలైన క్రోమోజోము మీదనే కణం రెండో నకలు మొదలుపెడుతుంది. మనవరాలి పెళ్లి నగలను అమ్మమ్మే చేయించి పెట్టినట్టు, ఈ రోజు మొదలైన నకలు రెండు తరాల తర్వాతి కణం విడిపోయేటప్పుడు అక్కరకు వస్తుంది.

ఒక కణాన్ని పట్టుకుని చూద్దాం. సరిగ్గా ఇప్పుడే పుట్టిన కణమనుకోండి, రెట్టింపు కాలం 20 నిమిషాలు. అరవై నిమిషాల క్రితం మొదలైన పని ఫలితంగానే ఈ కణం తల్లి నుంచి విడిపోయింది. నలభై నిమిషాల క్రితం మొదలైన నకలు ఈ క్షణాన ముగిసింది. అందుకే దీనిలో ఇప్పటికే రెండు పూర్తి క్రోమోజోములున్నాయి. ఇరవై నిమిషాల క్రితం మొదలైన నకలు ఆ రెండింటి మీదా సగం దారిలో ఉంది, కాబట్టి ఒక్కోదానిపై రెండేసి చొప్పున మొత్తం నాలుగు ఓరి-సీలు కనిపిస్తాయి. ఇప్పుడు ఆ నాలుగింటి వద్దా కొత్త నకలు మొదలవుతుంది. నాలుగు ఎనిమిదవుతాయి. ఇరవై నిమిషాలు గడిచాక కణం విడిపోతే పిల్లలకు చెరో నాలుగు దక్కుతాయి. మళ్లీ మొదటికి వచ్చాం. కాగితం మీద ఒకసారి గీసి చూడండి, చేత్తో గీస్తే తప్ప ఇది మనసుకెక్కదు.

రెట్టింపు కాలం గంట అయితే ఈ గందరగోళమేమీ ఉండదు. పుట్టగానే నకలు మొదలై 40వ నిమిషంలో ముగుస్తుంది, 60వ నిమిషంలో కణం విడిపోతుంది. పుస్తకంలోని నాలుగు బొమ్మలు ఈ నెమ్మది కణానివే. పెరుగుదల ఇంకా మందగిస్తే పై రెండు గడువులూ సాగుతాయి, అప్పుడు ఈ లెక్క పనికిరాదు.

ఈ దొంతర నకళ్లను ఎవరైనా కళ్లారా చూశారా, లేక లెక్కతో చెప్పిందేనా?

చూడటానికి చక్కని ఉపాయముంది. పెరుగుతున్న కణాలకు రెండు మందులు కలిపి ఇస్తారు. రిఫాంపిసిన్ కొత్త నకళ్లు మొదలవకుండా ఆపుతుంది, అప్పటికే మొదలైన వాటిని మాత్రం సాగనిస్తుంది. సెఫాలెక్సిన్ కణం విడిపోకుండా ఆపుతుంది. కొన్ని గంటలు ఆగితే సగంలో ఉన్న నకళ్లన్నీ పూర్తవుతాయి, కణాలేమో విడిపోవు. ఇక డీఎన్‌ఏకు రంగు వేసి ఒక్కో కణంలో ఎంత ఉందో ఫ్లో సైటోమీటరుతో కొలుస్తారు. మందు వేసిన క్షణాన ఒక కణంలో ఎన్ని ఓరి-సీలున్నాయో ఇప్పుడు అందులో అన్ని పూర్తి క్రోమోజోములుంటాయి.

1986లో నార్వేలో స్కార్‌స్టాడ్ బృందం ఇలా కొలిచినప్పుడు 2, 4, 8 వద్దే శిఖరాలు వచ్చాయి. 3, 5, 6, 7 వద్ద దాదాపు ఏమీ లేదు. అంటే ఒక కణంలోని ఓరి-సీలన్నీ ఒకేసారి మొదలవుతున్నాయన్నమాట. కొన్ని ఉత్పరివర్తకాల్లో ఆ సంఖ్యల వద్ద కూడా శిఖరాలు లేస్తాయి. నకలు మొదలయ్యే సమయం గాడి తప్పిందనడానికి ప్రయోగశాలలో అదే గుర్తు.

ఎప్పుడు మొదలుపెట్టాలో కణానికి ఎవరు చెబుతారు? మొదలైన చోటే వెంటనే మళ్లీ ఎందుకు మొదలవదు?

మొదలుపెట్టేది డ్నా-ఏ అనే ప్రొటీన్. ఏటీపీని పట్టుకున్న డ్నా-ఏ అణువులు ఓరి-సీ మీద గుమిగూడి అక్కడి డీఎన్‌ఏ పోగులను విడదీస్తాయి. ఆ సందులోకి హెలికేజ్ ఎక్కుతుంది. కణం పెరిగే కొద్దీ ఇలా సిద్ధంగా ఉండే డ్నా-ఏ కూడబడుతుంది. ఒక్కో ఓరి-సీకి కణం పరిమాణం ఇంత అయ్యాక నకలు మొదలవుతుందని డోనాకీ 1968లోనే లెక్కగట్టారు. కణం చూసేది గడియారాన్ని కాదు, తన పెరుగుదలను.

వెంటనే మళ్లీ మొదలవకుండా ఆపే పద్ధతి మరీ అందంగా ఉంటుంది. ఓరి-సీ పొడవు 245 క్షార జంటలు. అందులో జీఏటీసీ అనే నాలుగక్షరాల మాట 11 చోట్ల వస్తుంది. యాదృచ్ఛికంగా అయితే 256 అక్షరాలకు ఒకసారి రావాలి, అంటే అక్కడ ఒకటి ఉంటే ఎక్కువ. ఈ మాటలోని ‘ఏ’ మీద డ్యామ్ అనే ఎంజైము ఒక మిథైల్ గుర్తు పెడుతుంది. నకలు అయిన వెంటనే పాత పోగు మీద గుర్తు ఉంటుంది, కొత్త పోగు మీద ఉండదు. అలాంటి సగం గుర్తున్న జీఏటీసీలను సెక్-ఏ అనే ప్రొటీన్ పట్టుకుని కప్పేస్తుంది. దాంతో డ్యామ్‌కూ డ్నా-ఏకూ అక్కడ చోటు దొరకదు. రెట్టింపు కాలంలో మూడో వంతు దాకా ఓరి-సీ ఇలా మరుగున పడి ఉంటుంది. ఈలోగా డ్నా-ఏ పట్టుకున్న ఏటీపీ కూడా ఖర్చయిపోతుంది. ముసుగు తొలగేసరికి మళ్లీ మొదలుపెట్టే శక్తి మిగలదు.

కండె తంతువులు లేకుండా రెండు క్రోమోజోములు ఎలా విడిపోతాయి? ఎవరు లాగుతారు?

మన కణాల సమవిభజనలో నకలు తీయడం ఒక దశ, విడదీయడం వేరొక దశ. బాక్టీరియాలో అలా విడివిడి దశలు లేవు. నకలు తీస్తుండగానే విడదీత సాగుతుంది. వలయంలో ముందు నకలైన ఓరి-సీ ప్రాంతాలు కొన్ని నిమిషాలు జంటగా ఉండి ఆపై దూరం జరుగుతాయి. నకలయ్యే కొద్దీ వెనకాల భాగాలు వాటిని అనుసరిస్తాయి. చివరి భాగం చివరిదాకా కణం నడుమే ఉంటుంది.

లాగేది ఎవరన్నదానికి 1963లో జాకోబ్, బ్రెన్నర్, క్యూజాన్ ఒక సులువైన జవాబు ఇచ్చారు. క్రోమోజోములు త్వచానికి అతుక్కుని ఉంటాయి, వాటి నడుమ త్వచం పెరుగుతుంది, దానితోపాటు అవీ దూరమవుతాయి అన్నారు. చాలాకాలం పాఠ్యపుస్తకాలు దీన్నే చెప్పాయి, ఇప్పటికీ కొన్ని చెబుతున్నాయి. ఓరి-సీకి మెరిసే గుర్తు తగిలించి కదలికను చూడగలిగాక చిక్కు బయటపడింది. కణం సాగే వేగం కన్నా అవి వేగంగా దూరమవుతున్నాయి. పెరుగుదల ఒక్కటే ఆ పని చేయలేదు.

బాసిలస్, కాలోబాక్టర్ వంటి వాటిలో ఓరి దగ్గరి డీఎన్‌ఏను పట్టుకుని ఒక దిక్కుకు నడిపించే పార్-ఏ, పార్-బీ ప్రొటీన్లున్నాయి. ఈ. కోలై క్రోమోజోముకు అవి లేవు. దాని దగ్గర ఉన్నది ముక్-బీ. క్రోమోజోమును ఉచ్చులు ఉచ్చులుగా మడిచి సర్దే ప్రొటీన్ అది. ఆ పేరు జపనీస్ మాట ‘ముకాకు’ నుంచి వచ్చింది, కేంద్రకం లేనిదని అర్థం. హిరగా బృందం ఈ జన్యువు చెడిన కణాల్లో డీఎన్‌ఏ లేని ఖాళీ పిల్లలను చూసి ఆ పేరు పెట్టింది. మామూలు ఈ. కోలైలో అలాంటి ఖాళీ కణాలు పది వేలకు మూడుకు మించవు. ఒక్కో ప్రతి తనలో తాను చుట్టుకుంటే రెండో ప్రతితో కలిసిపోయే అవకాశం తగ్గుతుంది. ఇరుకైన గొట్టంలో రెండు పొడవాటి పోగులు కలగలిసి ఉండటం కన్నా చెరో కొసకు చేరడమే భౌతికశాస్త్రపరంగా తేలిక అని 2006లో జున్, ముల్డర్ వాదించారు. నా దృష్టిలో ఈ. కోలైకి సంబంధించి ‘ఎవరు లాగుతారు’ అన్న ప్రశ్నే కాస్త తప్పుదారి పట్టిస్తుంది. బలంగా లాగేవాడు కాదు, చిక్కుపడకుండా సర్దేవాడే దానికి ముఖ్యం.

వలయాన్ని నకలు తీస్తే రెండు వలయాలు గొలుసు లింకుల్లా ఇరుక్కోవా?

ఇరుక్కుంటాయి. నకలు ముగిసేసరికి రెండూ ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. టోపోఐసోమరేజ్-4 అనే ఎంజైము ఒక వలయాన్ని తెంచి, ఆ సందులోంచి రెండోదాన్ని దాటించి, తెంచిన చోట మళ్లీ అతుకుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు ఈ. కోలైలో ముఖ్యంగా దెబ్బతీసేది దీని తోబుట్టువైన గైరేజ్‌ను, ఆ తర్వాత దీన్ని.

ఇంకో చిక్కు ఉంది. నకలు జరిగేటప్పుడు దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసే క్రమంలో రెండు వలయాలు అతుక్కుని ఒకే పెద్ద వలయమవుతాయి. ప్రతి ఏడెనిమిది కణాల్లో ఒకదానికి ఈ గతి పడుతుంది. దీన్ని విడదీసే ఏర్పాటు విభజన జరిగే చోటే ఉండటం గమనించదగ్గది. ఎఫ్‌టీఎస్‌-కే అనే ప్రొటీన్ మధ్య గోడలో కూర్చుని, మిగిలిన డీఎన్‌ఏను సెకనుకు వేల క్షారాల వేగంతో తోడుతుంది. క్రోమోజోము మీద దారి చూపే ఎనిమిదక్షరాల గుర్తులున్నాయి. వాటిని చదువుకుంటూ డిఫ్ అనే 28 అక్షరాల చోటు దగ్గరికి వస్తుంది. అక్కడ జెర్-సీ, జెర్-డీ ఎంజైములు కోసి రెండు వలయాలుగా అతుకుతాయి. తలుపు మూసేవాడే చివరి సామాను గడప దాటించి మరీ మూస్తాడు.

ఎఫ్‌టీఎస్‌జెడ్ అంటే ఏమిటి? ఈ పేరేమిటి?

ఉష్ణోగ్రత పెంచితే విడిపోవడం మానేసి దారాల్లా పెరిగే ఉత్పరివర్తక కణాలను 1960ల్లో ఏరారు. ‘వేడికి దారాలయ్యేవి’ అనే ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలే ఎఫ్‌టీఎస్. అలా దొరికిన జన్యువుల్లో జెడ్ అక్షరం తగిలినది ఇది. 1991లో బై, లుట్కెన్‌హౌస్ ఈ ప్రొటీన్ విడిపోబోయే చోట కణం చుట్టూ ఉంగరంలా పేరుకుంటుందని చూపించారు. మరుసటి ఏడాది అది జీటీపీని విడగొడుతుందని తేలింది. 1998లో లోవె, ఆమోస్ దాని త్రిమితీయ నిర్మాణాన్ని చూపినప్పుడు, అది మన కణాల సూక్ష్మనాళికలను కట్టే ట్యూబులిన్‌ను అచ్చుగుద్దినట్టుంది. అక్షరాల వరుసలో పోలిక మాత్రం చాలా తక్కువ.

ఒక కణంలో ఎంత ఉంటుందో చూస్తే ఉంగరం రూపం అర్థమవుతుంది. దాదాపు 5,000 అణువులుంటాయనుకుందాం. ఇవి ఒకదాని వెనక ఒకటి చేరి దండ కడతాయి. దండలో ఒక్కో అణువు నాలుగు నానోమీటర్లకు కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటుంది, అంటే మొత్తం దండ 21 మైక్రోమీటర్లు. ఏ సమయంలోనైనా ఉంగరంలో ఉండేది అందులో మూడో వంతు, సుమారు 7 మైక్రోమీటర్లు. కణం చుట్టుకొలత 3. కాబట్టి ఉంగరమంతా కలిపి రెండు చుట్లకు కాస్త ఎక్కువ. అదీ ఒకే దండగా కాదు, వంద నానోమీటర్ల పైచిలుకు పొడవున్న చిన్న చిన్న తునకలు అక్కడక్కడ గుంపులుగా. ‘ఉంగరం’ అన్న మాట మన మసక సూక్ష్మదర్శినులు ఇచ్చిన పేరు. అతినిశిత చిత్రాల్లో అది అతుకుల బొంతలా కనిపిస్తుంది. ఎఫ్‌టీఎస్‌-ఏ, జిప్-ఏ అనే రెండు ప్రొటీన్లు దాన్ని త్వచానికి కట్టిపడేస్తాయి.

ఆ ఉంగరం సరిగ్గా మధ్యలోనే ఎలా పడుతుంది?

మధ్య ఎక్కడో కొలిచేవారు లేరు. కొసల్లో పడనివ్వకపోతే మిగిలేది మధ్యే. మిన్-సీ అనే ప్రొటీన్ ఎఫ్‌టీఎస్‌జెడ్ దండలను విడగొడుతుంది. అది మిన్-డీని పట్టుకుని త్వచం మీద ఉంటుంది. మిన్-ఈ వచ్చి మిన్-డీని త్వచం నుంచి ఊడగొడుతుంది. ఊడినది రెండో కొసకు చేరి అక్కడ అతుక్కుంటుంది, మిన్-ఈ అక్కడికీ వస్తుంది. ఇలా ఈ మూడూ సుమారు నిమిషానికోసారి ఈ కొస నుంచి ఆ కొసకు ఊగుతుంటాయి. 1999లో రాస్కిన్, డి బోయర్ మెరిసే మిన్-డీతో ఈ ఊగిసలాటను చూపించారు. మొదటిసారి ఆ వీడియో చూసిన రోజు నేను వరుసగా పదిసార్లు చూశాను. కాసేపటి సగటు తీస్తే మిన్-సీ కొసల్లో ఎక్కువ, నడుమ తక్కువ.

రెండో కాపలా డీఎన్‌ఏదే. ఎస్‌ఎల్‌ఎమ్‌-ఏ అనే ప్రొటీన్ క్రోమోజోము మీద చాలా చోట్ల కూర్చుని చుట్టుపక్కల దండలను చెదరగొడుతుంది. అది కూర్చునే చోట్లు నకలు ముగిసే ప్రాంతంలో దాదాపు లేవు. ఆ ప్రాంతం చివరిదాకా కణం నడుమ ఉంటుందని పైన చెప్పాను. మిగతా క్రోమోజోము అటూ ఇటూ తొలగిపోగానే నడుమ నిషేధం ఎత్తేసినట్టవుతుంది. పైగా ఆ చివరి ప్రాంతాన్ని పట్టుకునే మాట్-పీ అనే ప్రొటీన్ ఉంగరానికి ఒక వంతెన కూడా వేస్తుంది. మిన్, ఎస్‌ఎల్‌ఎమ్‌-ఏ రెండూ లేని కణాలు కూడా నెమ్మదిగా పెరిగేటప్పుడు చాలామటుకు మధ్యనే ఉంగరం వేయగలగడానికి ఈ వంతెన ఒక కారణం.

ఉంగరం ఉచ్చులా బిగిసి కణాన్ని కోస్తుందా?

బొమ్మలు అలాగే చూపిస్తాయి, నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. పూర్తిగా తప్పని కాదు. 2008లో ఎరిక్సన్ బృందం త్వచానికి అతుక్కునేలా మార్చిన ఎఫ్‌టీఎస్‌జెడ్‌ను కొవ్వు గొట్టాల్లో పెట్టినప్పుడు, వేరే సాయం లేకుండా ఉంగరాలు ఏర్పడి గొట్టాలు కొంచెం నొక్కుకుపోయాయి. దానికి కొంత బిగించే శక్తి ఉంది. కానీ నిజమైన కణానికి గట్టి కవచం ఉంటుంది, లోపలి నుంచి నీటి పీడనం తోస్తూ ఉంటుంది. ఆ పీడనానికి ఎదురు పోయి కొత్త గోడ కట్టకుండా కణం సన్నబడలేదు.

2017లో రెండు బృందాలు, ఒకటి బాసిలస్‌లో, ఒకటి ఈ. కోలైలో, ఎఫ్‌టీఎస్‌జెడ్ తునకలు కణం చుట్టూ తిరుగుతున్నట్టు చూపించాయి. తిరగడం అంటే అణువులు పరుగెత్తడం కాదు. ముందు కొసన కొత్త అణువు చేరుతుంది, వెనక కొసన పాతది ఊడుతుంది. నలుగురు కూలీలు వెనక పట్టాలు పీకి ముందు పరుస్తూ పోతుంటే పట్టాల ముక్క ముందుకు కదిలినట్టే ఉంటుంది, ఏ పట్టా మాత్రం పరిచిన చోటు వదలదు. అలా సెకనుకు 30 నానోమీటర్లు. ఉంగరం నిలకడగా కనిపించినా అందులోని అణువుల్లో సగం పది సెకన్ల లోపే మారిపోతాయి.

గోడ కట్టే మేస్త్రీలు ఎఫ్‌టీఎస్‌-డబ్ల్యూ, ఎఫ్‌టీఎస్‌-ఐ అనే ప్రొటీన్లు. పనిలేనప్పుడు వీళ్లు కదిలే తునకల వెంట తిరుగుతుంటారు. పని దొరికినవాళ్లు ఆ వరుసను వదిలి, గోడ పదార్థమైన పెప్టిడోగ్లైకాన్‌ను కట్టుకుంటూ ఇంకా నెమ్మదిగా సొంతంగా సాగుతారు. తునకలు చుట్టూ తిరగడం వల్ల పని అన్ని వైపులా సమంగా పంచబడుతుంది. ఇక్కడొక మెలిక. జీటీపీ విడగొట్టడం మందగించిన ఉత్పరివర్తకాల్లో తునకల వేగం బాగా తగ్గింది. బాసిలస్‌లో దాంతోపాటే గోడ కట్టే వేగమూ తగ్గింది. ఈ. కోలైలో తగ్గలేదు, గోడ మాత్రం వంకరపోయింది. ఈ. కోలైలో ఎఫ్‌టీఎస్‌జెడ్ కత్తి కాదు, మేస్త్రీలను తిప్పే మేనేజరు అని నేనిప్పుడు చెబుతున్నది అందుకే.

గోడ పూర్తయ్యాక దాన్ని నిలువునా చీల్చే ఎంజైములు వేరే ఉన్నాయి. అవి పని చేయకపోతే విభజన పూర్తయినా కణాలు దండల్లా అంటుకునే ఉంటాయి. పెరుగులో ఉండే కొన్ని స్ట్రెప్టోకాకస్ రకాలు సహజంగానే ఇలా గొలుసుకట్టుగా కనిపిస్తాయి. కవచంలో పాత బంధాలు కోయకపోతే కొత్త పదార్థం చేర్చడమే కుదరదని హైదరాబాద్ సీసీఎంబీలో మంజులా రెడ్డి బృందం ఈ. కోలైలోనే 2012లో చూపించింది.

ఎక్కడ తేడా వచ్చిందో సూక్ష్మదర్శినిలో చూసి చెప్పగలమా?

డీఎన్‌ఏకు డాపీ రంగు వేసి, కణం రూపాన్నీ లోపలి మెరుపునూ కలిపి చూస్తే చాలామటుకు చెప్పవచ్చు. పొడవాటి దారంలో డీఎన్‌ఏ ముద్దలు పూసల్లా సమాన దూరంలో ఉంటే నకలు, విడదీత బాగున్నాయి, గోడే పడలేదు. పొడవాటి దారంలో ఒకే పెద్ద ముద్ద నడుమన ఉండి కొసలు ఖాళీగా ఉంటే విడదీతలోనో నకలులోనో లోపం. మామూలు పొడవున్న కణమే డీఎన్‌ఏ లేకుండా ఉంటే ముక్ వంటి లోపం. గుండ్రని బుడిపెల్లాంటి చిన్న ఖాళీ కణాలైతే అవి కొసన కోసిన మినీకణాలు, మిన్ చెడిందని అర్థం.

ఒకసారి మా ప్రయోగశాలలో ఎఫ్‌టీఎస్‌జెడ్-84 అనే ఉత్పరివర్తకాన్ని పెంచుతున్నాం. అది 30 డిగ్రీల దగ్గర మామూలుగా విడిపోతుంది, 42 దగ్గర ఉంగరం కొద్ది నిమిషాల్లోనే చెదిరిపోతుంది. ఉదయం స్లైడు చూస్తే నిండా దారాలు. బూజు పట్టిందనుకుని పారబోయబోయాం. లాగుబుక్కు చూసినప్పుడు తెలిసింది, 600 నానోమీటర్ల వద్ద సాంద్రత గంట గంటకూ పెరిగింది, పళ్లేల మీద కాలనీల సంఖ్య మాత్రం పెరగలేదు. ద్రవ్యరాశి పెరిగి కణాల సంఖ్య పెరగకపోతే అది విభజన ఆగిన లక్షణం. ఇంక్యుబేటరును రాత్రి ఎవరో 42కు మార్చి వెళ్లారు. రంగు వేసి చూస్తే పూసల వరుస స్పష్టంగా ఉంది. 30కి దించగానే ఉంగరాలు తిరిగి వచ్చాయి, దారాలు ముక్కలుగా విడిపోయాయి. ఈ రకంతో పనిచేసేవారికి ఒక మాట: ఉప్పు లేని మాధ్యమం వాడండి. మామూలు ఎల్‌బీ మాధ్యమంలోని ఉప్పు ఈ లోపాన్ని కప్పిపుచ్చుతుంది, 42లోనూ చక్కగా విడిపోతుంటే ఉత్పరివర్తకం పోయిందేమోనని కంగారుపడతారు.

దారాలన్నీ జబ్బుపడ్డ కణాలు కావు. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు ఈ. కోలై కావాలనే సుల్-ఏ అనే ప్రొటీన్ తయారుచేసి ఎఫ్‌టీఎస్‌జెడ్ చేరికను అడ్డుకుంటుంది. మరమ్మతు అయ్యాక సుల్-ఏను లాన్ అనే ఎంజైము ముక్కలు చేస్తుంది, విభజన మళ్లీ మొదలవుతుంది.

ఎఫ్‌టీఎస్‌జెడ్‌ను ఆపే మందు ఎందుకు లేదు?

ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. 2008లో వెలువడిన పీసీ190723 అనే పదార్థం స్టాఫిలోకాకస్ ఆరియస్ సోకిన ఎలుకలను కాపాడింది. కానీ ఈ. కోలై వంటి గ్రామ్ నెగటివ్ వాటి మీద పెద్దగా పనిచేయలేదు, పైగా ఎఫ్‌టీఎస్‌జెడ్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారితే నిరోధకత వస్తుంది. ఉంగరం పక్కనుండే ఎఫ్‌టీఎస్‌-ఐని ఆపే మందులు మాత్రం ఎప్పటినుంచో వాడకంలో ఉన్నాయి. పైన చెప్పిన సెఫాలెక్సిన్ అలాంటిదే.

బాక్టీరియా అన్నిటికీ ఈ ప్రొటీన్ ఉంటుందా?

చాలావాటికి ఉంటుంది, అన్నిటికీ కాదు. క్లమీడియాకు లేదు, అయినా అది విడిపోతుంది. మన మైటోకాండ్రియా ఒకప్పటి బాక్టీరియాయే అయినా ఈ ప్రొటీన్‌ను వదిలేసి వేరే పద్ధతికి మారింది. మొక్కల హరితరేణువులు వదల్లేదు. నాచు మొక్క ఫిస్కోమిట్రెల్లాలో ఒక ఎఫ్‌టీఎస్‌జెడ్ జన్యువును 1998లో తీసేసి చూశారు. మామూలుగా పదుల కొద్దీ చిన్న హరితరేణువులుండే కణంలో, విడిపోవడం చేతకాక, ఒకే ఒక పెద్ద ఆకుపచ్చ ముద్ద మిగిలింది.